ఎల్‌సీ మీద మిర్చి ఎగుమతి: డబ్బు ఎక్కడ ఆగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ నుంచి మిర్చి, నిజామాబాద్ నుంచి పసుపు, కరీంనగర్ నుంచి గ్రానైట్ పంపేవాళ్లకు మొదటి ఎల్‌సీ, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, చేతికి రాగానే వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ఇక్కడ మిర్చిని పట్టుకుని జవాబులు రాశాను. సరుకు మారినా లెక్క మారదు.

ఎల్‌సీ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టేనా?

కాదు. ఎల్‌సీ అంటే కొనేవాడి బ్యాంకు మనకు ఇచ్చిన మాట. కానీ ఆ మాటకు ఒక షరతు ఉంది: "నేను అడిగిన కాగితాలు, నేను అడిగిన రూపంలో, నేను చెప్పిన గడువులోగా నాకు చేరితే డబ్బు ఇస్తాను." వరంగల్ ఎనుమాముల యార్డులో అడ్తిదారు ముందు సరుకు చూసి, తూకం వేసి, డబ్బు ఇచ్చే పద్ధతికి అలవాటుపడ్డవాళ్లకు ఇక్కడే తికమక మొదలవుతుంది. ఢాకాలో కూర్చున్న బ్యాంకు ఉద్యోగి మన మిర్చిని చూడడు, చూడాల్సిన పనీ లేదు. అతను చూసేది కాగితాల కట్ట ఒక్కటే.

ప్రపంచంలో ఎల్‌సీలు చాలావరకు యూసీపీ 600 అనే నియమావళి కింద నడుస్తాయి. ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి దీన్ని తయారుచేసింది. 2007 జులై 1 నుంచి అమల్లో ఉంది, మొత్తం 39 ఆర్టికల్స్. ఐదో ఆర్టికల్ ఒక్క వాక్యమే: బ్యాంకులు వ్యవహరించేది పత్రాలతో, ఆ పత్రాలకు సంబంధించిన సరుకుతో కాదు. నాలుగో ఆర్టికల్ ప్రకారం అమ్మకం ఒప్పందం వేరు, ఎల్‌సీ వేరు. ఎల్‌సీలో ఆ ఒప్పందం ప్రస్తావన ఉన్నా సరే, బ్యాంకుకు దాంతో సంబంధం లేదు.

సరుకు బాగుంది, కొనేవాడికీ అభ్యంతరం లేదు. చిన్న తేడాకు బ్యాంకు ఎందుకంత పట్టుబడుతుంది?

తప్పు కాగితాల మీద డబ్బు ఇస్తే నష్టపోయేది ఆ బ్యాంకే కాబట్టి. ఎల్‌సీ తెరిచిన బ్యాంకు మనకు చెల్లించి, ఆ మొత్తాన్ని తన ఖాతాదారు నుంచి, అంటే కొనేవాడి నుంచి, రాబట్టుకోవాలి. కాగితాలు షరతుకు తగ్గట్టు లేకపోతే "నేను చెప్పింది ఇది కాదు, నేనివ్వను" అనే హక్కు అతనికి ఉంటుంది.

దీనికి పాత కేసు ఒకటుంది. లండన్‌లోని కొనుగోలుదారు బటావియా నుంచి, అంటే ఇప్పటి జకార్తా నుంచి, వెనిల్లా గింజలు తెప్పించాడు. నాణ్యత మీద "నిపుణులు" ధ్రువపత్రం ఇవ్వాలన్నది ఎల్‌సీ షరతు. టెలిగ్రామ్ కోడ్‌లో గందరగోళం వల్ల అక్కడి బ్యాంకుకు అది "నిపుణుడు" అని అర్థమైంది. ఒక్కరి సంతకంతో వచ్చిన పత్రానికే డబ్బు ఇచ్చేశారు. అమ్మినవాడు మోసగాడు, పెట్టెల్లో ఎక్కువగా పుల్లలు, రాళ్లు, ఇనుప ముక్కలు. 1927లో ఇంగ్లండ్ అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఏమిటంటే, ఆ డబ్బును కొనేవాడి నుంచి రాబట్టుకునే హక్కు బ్యాంకుకు లేదు. "దాదాపు అలాంటివే" అనిపించే పత్రాలకు, "వీటితోనూ పని జరిగిపోతుంది" అనిపించే పత్రాలకు ఇక్కడ చోటు లేదని లార్డ్ సమ్నర్ అందులోనే అన్నాడు. బ్యాంకు ఉద్యోగి మొండివాడని మనవాళ్లు తిట్టుకుంటారు గానీ, అతని స్థానంలో మనం ఉన్నా అదే చేస్తాం.

ఒక ఉదాహరణతో చెప్పండి. ఎక్కడెక్కడ ఏం జరుగుతుంది?

ఇది కల్పించిన ఉదాహరణ, కానీ ఇందులోని ప్రతి తప్పూ నిజంగా జరిగే రకమే. హనుమకొండలోని ఒక ఎగుమతిదారు బంగ్లాదేశ్‌కు తొడిమ తీసిన ఎండుమిర్చి 14 టన్నులు పంపుతున్నాడు. టన్ను 2,200 డాలర్లు, మొత్తం 30,800. బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే స్విఫ్ట్‌లో వచ్చిన ఎల్‌సీలో మనకు కావలసిన గడులు ఇవి:

```
31D: 260415 BANGLADESH
43P: NOT ALLOWED
44C: 260325
44E: CHENNAI SEA PORT, INDIA
44F: CHATTOGRAM SEA PORT, BANGLADESH
45A: INDIAN DRY RED CHILLI WITHOUT STEM,
     14 MT AT USD 2200 PER MT CFR CHATTOGRAM
48:  15
```

తెలుగులో చెప్పుకుంటే: సరుకును విడతలుగా పంపకూడదు. ధరలో చట్టోగ్రామ్ వరకు ఓడ కిరాయి కలిసే ఉంది, CFR అంటే అదే. మార్చి 25లోగా సరుకు చెన్నైలో ఓడ ఎక్కాలి. ఎక్కిన రోజు నుంచి 15 రోజుల్లోగా కాగితాలు బ్యాంకుకు చేరాలి. ఎల్‌సీ ఏప్రిల్ 15న ముగుస్తుంది. ముగిసే చోటు బంగ్లాదేశ్, అంటే కాగితాలు ఆ తేదీలోగా అక్కడి బ్యాంకులో ఉండాలి. హనుమకొండ బ్రాంచిలో ఇచ్చిన తేదీ లెక్కలోకి రాదు. మొదటిసారి పంపేవాళ్లలో చాలామంది ఈ ఒక్క పదాన్ని చదవకుండా వదిలేస్తారు.

చెన్నైలో రద్దీగా ఉందని ఓడ కంపెనీ కంటైనర్‌ను కాట్టుపల్లి రేవుకు మార్చింది. రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్ ఫోన్ చేసి "పక్కనే కదా సార్, అదే ఓడ" అన్నాడు. ఎగుమతిదారు సరేనన్నాడు. మార్చి 24, మంగళవారం సరుకు ఓడ ఎక్కింది. సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్‌లో, లోడింగ్ పోర్టు కాట్టుపల్లి అని పడింది. అది నిజమే, వేరేలా రాయడానికి వీల్లేదు.

ఇన్‌వాయిస్ మాత్రం పాత ఫైలు నుంచి కాపీ కొట్టారు. అందులో సరుకు పేరు `TEJA DRY RED CHILLI STEMLESS` అని ఉంది.

అసలు బిల్ ఆఫ్ లేడింగ్ మార్చి 28న చేతికొచ్చింది. ఆ రోజు నాలుగో శనివారం, బ్యాంకు సెలవు. సోమవారం 30న బ్రాంచిలో ఇస్తే ఫైలు హైదరాబాద్‌లోని ట్రేడ్ ఫైనాన్స్ విభాగానికి వెళ్లింది. ఏప్రిల్ 1న బ్యాంకుల వార్షిక ఖాతాల ముగింపు. 2న కొరియర్ బయలుదేరి 6వ తేదీ సోమవారం ఢాకా చేరింది. 15 రోజుల గడువు ఏప్రిల్ 8 కాబట్టి గడువు పరంగా బయటపడ్డారు.

పరిశీలనకు ఆ బ్యాంకుకు, కాగితాలు అందిన మర్నాటి నుంచి ఐదు బ్యాంకు పనిదినాలు ఉంటాయి. బంగ్లాదేశ్ బ్యాంకులకు శుక్ర, శనివారాలు సెలవు. 7, 8, 9, 12, 13: ఐదోది ఏప్రిల్ 13. వాళ్ల తిరస్కరణ సందేశం 12న వచ్చింది. అందులో రెండు కారణాలు: లోడింగ్ పోర్టు ఎల్‌సీ ప్రకారం లేదు, ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీకి సరిపోలేదు.

ఎల్‌సీకి ఇంకా మూడు రోజుల ప్రాణం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి లేదు, ఎందుకంటే కాగితాలు సమర్పించే 15 రోజుల గడువు 8వ తేదీనే అయిపోయింది. కొత్త ఇన్‌వాయిస్ పంపినా ఆలస్యమే.

ఈలోగా ఓడ చట్టోగ్రామ్ చేరింది, ఉచిత రోజులు దాటాక కంటైనర్ మీద రోజువారీ చార్జీ మొదలవుతుంది. అక్కడ మిర్చి ధర కాస్త తగ్గింది. కొనేవాడు తేడాలను ఒప్పుకోవడానికి సిద్ధమే, కానీ టన్నుకు 150 డాలర్లు తగ్గించమన్నాడు. 14 టన్నులకు అది 2,100 డాలర్లు. తేడాలున్న కాగితాలకు బ్యాంకు కోసుకునే డిస్క్రిపెన్సీ ఫీజు, ఎల్‌సీలోనే రాసినది, 75 డాలర్లు అనుకుందాం. చేతికి వచ్చేది 28,625. సరుకులో ఒక్క తాలు కాయ లేకపోయినా ఇంత పోయింది.

ఈ రెండు తప్పుల్లో ఏది పెద్దది?

పోర్టుది. ఇన్‌వాయిస్ మన చేతిలోని కాగితం. గడువులోగా ఎవరైనా గమనించి ఉంటే పది నిమిషాల్లో కొత్తది అచ్చువేసుకునేవాళ్లం. పోర్టు సంగతి అలా కాదు. అక్కడ కాగితం నిజం చెప్పింది, ఎల్‌సీ వేరే చెప్పింది. అలాంటప్పుడు మార్చాల్సింది ఎల్‌సీనే, అదీ సరుకు ఓడ ఎక్కకముందు. ఫార్వర్డర్ ఫోన్ చేసిన గంటలోనే కొనేవాడికి చెప్పి, అతని బ్యాంకు నుంచి 44E గడికి సవరణ (స్విఫ్ట్‌లో MT707) తెప్పించుకోవాల్సింది. అసలు మొదట్లోనే `ANY SEA PORT IN INDIA` అని పెట్టించుకుంటే ఈ గొడవే లేదు. సముద్రం లేని ఊరి నుంచి పంపేవాళ్లం, ఏ రేవులో ఓడ దొరుకుతుందో మన చేతిలో ఉండదు. ఈ ఒక్క మాట కోసం కొనేవాడితో గట్టిగా అడగాలని నా అభిప్రాయం.

అన్ని కాగితాల్లో సరుకు పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలా?

ఇన్‌వాయిస్‌లో ఎల్‌సీ 45A గడిలో ఉన్నట్టే ఉండాలి. కాపీ చేసి అతికించేయండి, మీ ఇంగ్లిష్ ఎంత బాగున్నా సొంత మాటలు వద్దు. మిగతా కాగితాల్లో, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, సరుకుకు చీడపీడలు లేవనే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లాంటివాటిలో, సాధారణ పేరు రాసినా సరిపోతుంది, ఎల్‌సీలోని వర్ణనకు విరుద్ధంగా ఉండకూడదు అంతే. `DRY RED CHILLI` అని మాత్రమే ఉంటే పర్వాలేదు. `CHILLI WITH STEM` అని ఉంటే అయిపోయినట్టే.

ఈ వెసులుబాటు ఒకప్పుడు లేదు. 1942లో లండన్‌లో ఒక కేసు నడిచింది, మన తీరం పేరున్న సరుకే: కోరమండల్ వేరుశనగ. ఎల్‌సీలో "కోరమండల్ గ్రౌండ్‌నట్స్" అని ఉంది. ఇన్‌వాయిస్‌లోనూ అదే. బిల్ ఆఫ్ లేడింగ్‌లో మాత్రం "యంత్రంతో ఒలిచిన వేరుశనగ పప్పు" అని రాశారు, పక్కన గుర్తుగా సీఆర్ఎస్ అనే అక్షరాలు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ రెండూ ఒకటేనని తెలుసు. బ్యాంకు డబ్బు ఇవ్వలేదు, కోర్టు బ్యాంకునే సమర్థించింది. వేల రకాల వ్యాపారాల్లో వాడే మాటలన్నీ బ్యాంకుకు తెలిసి ఉండాలని ఆశించలేమన్నది కారణం. ఈరోజు అవే కాగితాలు యూసీపీ 600 కింద వస్తే ఫలితం మారే అవకాశం ఎక్కువ. కానీ ఆ కారణం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. "తేజ అంటే మార్కెట్లో అందరికీ తెలుసు" అనే వాదన బ్యాంకు దగ్గర పనికిరాదు.

స్పెల్లింగ్ తప్పుకు కూడా ఆపేస్తారా?

అర్థం మారని అచ్చుతప్పుకు ఆపకూడదు. బ్యాంకులు పాటించే ప్రామాణిక పద్ధతుల పుస్తకం (ఐఎస్‌బీపీ) `machine` బదులు `mashine` పడితే తప్పుగా చూడవద్దంటుంది. అదే `model 321` బదులు `model 123` పడితే అది వేరే వస్తువు, తప్పే.

మనుషుల పేర్లు, కంపెనీ పేర్లు రెండో రకంలోకి వస్తాయి. 1985లో అమెరికాలో వచ్చిన ఒక తీర్పులో, సరుకు చేరగానే కబురు అందుకోవాల్సిన వ్యక్తి పేరు `Sofan` బదులు `Soran` అని బిల్ ఆఫ్ లేడింగ్‌లో పడింది. ఒక్క అక్షరం. బ్యాంకు చెల్లించనక్కర్లేదని కోర్టు చెప్పింది. సరుకు వెళ్తున్న యెమెన్‌లో సోరన్ అనే ఇంకొకరు ఉండరని బ్యాంకు ఎలా అనుకోగలదు మరి. అంకెలు, పేర్లు, తేదీలు: వీటి విషయంలో "చిన్న తప్పు" అనేది లేదనుకోండి.

మా చిరునామా ఒక కాగితంలో వరంగల్ అర్బన్, ఇంకోదాంట్లో హనుమకొండ అని ఉంది. సమస్యా?

2021లో జిల్లా పేర్లు మారినప్పటి నుంచి ఇది చాలామందికి టెన్షన్. భయపడక్కర్లేదు. అమ్మేవాడి, కొనేవాడి చిరునామాలు ఎల్‌సీలో ఉన్నట్టే ఉండనక్కర్లేదు, ఎల్‌సీలో రాసిన దేశమే అయితే చాలని 14వ ఆర్టికల్ చెబుతుంది. ఫోన్ నంబరు, ఈమెయిల్ తేడా ఉన్నా పట్టించుకోరు. ఒక్క మినహాయింపు ఉంది: కొనేవాడి చిరునామా బిల్ ఆఫ్ లేడింగ్‌లో కన్సైనీ, అంటే సరుకు అందుకునేవాడు, లేదా నోటిఫై పార్టీ, అంటే కబురు అందుకునేవాడు, గడిలో వస్తే ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలి. చిరునామాకు ఉన్న ఈ వెసులుబాటు సంస్థ పేరుకు లేదు.

పరిమాణం టన్నుల్లో రాయించుకోవాలా, బస్తాల్లోనా?

టన్నుల్లో. దీనికి గట్టి కారణం ఉంది. ఎల్‌సీలో పరిమాణం బరువులో ఉంటే 5 శాతం అటూ ఇటూ అయినా నియమాలే ఒప్పుకుంటాయి, తీసుకునే డబ్బు ఎల్‌సీ మొత్తాన్ని దాటకపోతే చాలు. 14 టన్నులకు 13.3 నుంచి 14.7 వరకు సరే. అదే "560 బస్తాలు" అని రాస్తే ఈ సడలింపు ఉండదు. లోడింగ్‌లో రెండు బస్తాలు తడిసి పక్కన పెట్టాల్సి వస్తే ఆ రెండే తప్పు అవుతాయి. గ్రానైట్ వాళ్లకూ ఇంతే: క్యూబిక్ మీటర్లలో రాయించుకుంటే 5 శాతం ఉంటుంది, బ్లాకుల సంఖ్య రాస్తే ఉండదు. ముందు `ABOUT` అనే పదం పెట్టించుకుంటే సడలింపు 10 శాతం అవుతుంది, కానీ ఆ పదం దేని పక్కన ఉందో దానికే వర్తిస్తుంది. పరిమాణం పక్కన పెట్టించి మొత్తం పక్కన మరిచిపోతే ఎక్కువ పంపిన సరుకుకు డబ్బు రాదు.

బ్యాంకు తిరస్కరిస్తే మనకు హక్కులేమీ లేవా?

ఉన్నాయి, వాటిని చాలామంది వాడుకోరు. తిరస్కరించే బ్యాంకు ఐదో పనిదినం ముగిసేలోగా ఒకే ఒక్క నోటీసు ఇవ్వాలి. ప్రతి తేడానూ అందులోనే రాయాలి. కాగితాలను తన దగ్గర ఉంచుకుందా, తిప్పి పంపుతోందా కూడా చెప్పాలి. ఇందులో ఏది తప్పినా, కాగితాలు సరిగ్గా లేవని వాదించే హక్కును ఆ బ్యాంకే కోల్పోతుంది. మొదటి నోటీసులో పోర్టు గురించి రాసి, వారం తర్వాత "ఇన్‌వాయిస్ కూడా తప్పే" అంటే ఆ రెండోది చెల్లదు.

అందుకే నోటీసు రాగానే మొదట చూడాల్సింది దాని తేదీ. కాగితాలు ఏ రోజు అందాయో కొరియర్ ట్రాకింగ్‌లో చూసి, వాళ్ల దేశం సెలవులు తీసేసి లెక్కపెట్టండి. తర్వాత ప్రతి తేడానూ ఎల్‌సీ పక్కన పెట్టి చదవండి. అందులో లేని షరతును బ్యాంకు అడిగితే మన బ్యాంకు ద్వారా ఆర్టికల్ నంబరుతో సహా జవాబు ఇప్పించాలి. మన బ్రాంచి వాళ్లు "కొనేవాడితో మాట్లాడుకోండి" అని తేల్చేస్తారు. ఆ మాటకు వెంటనే ఒప్పుకుని ఫోన్ తీస్తే బేరం మొదలైనట్టే.

కొనేవాడు వాట్సాప్‌లో "తేడా ఉన్నా పర్వాలేదు, పంపేయండి" అన్నాడు. సరిపోదా?

సరిపోదు. ఎల్‌సీ మారాలంటే దాన్ని తెరిచిన బ్యాంకు ఒప్పుకోవాలి, మనం ఒప్పుకోవాలి, చెల్లింపుకు తానూ హామీ ఇచ్చి ధ్రువీకరించిన బ్యాంకు ఉంటే అదీ ఒప్పుకోవాలి. తేడాలను కొనేవాడు మాఫీ చేసినా, ఆ మాఫీని తీసుకోవాలా వద్దా అన్నది అతని బ్యాంకు ఇష్టం.

సరుకు నాణ్యత బాగోలేదని కొనేవాడు చెల్లింపు ఆపించగలడా?

కాగితాలు సరిగ్గా ఉంటే మామూలుగా ఆపించలేడు. మన సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: ఒప్పందంలో తగాదా ఉందని ఎల్‌సీ చెల్లింపును కోర్టులు ఆపకూడదు, స్పష్టమైన మోసం లాంటి అరుదైన పరిస్థితిలో తప్ప. ఎగుమతిదారుకు ఇది పెద్ద అండ. అదే నియమం మన కాగితాల్లో తప్పు దొరికినప్పుడు మనకు ఎదురుతిరుగుతుంది.

ఎల్‌సీ చేతికి రాగానే ఏం చూడాలి?

మొదట, మనం చేయలేని పని ఏదైనా అడిగారా చూడండి. అన్నిటికంటే ప్రమాదకరమైనది 46A లేదా 47A గడిలో వచ్చే ఈ రకం షరతు: "కొనేవాడు లేదా అతని ప్రతినిధి సంతకం చేసిన తనిఖీ పత్రం." చూడ్డానికి మామూలుగా ఉంటుంది. కానీ ధర పడిపోతే అతను సంతకం పెట్టడు, ఆ కాగితం లేకుండా మన కట్ట పూర్తి కాదు, బ్యాంకు తప్పూ ఉండదు. అది ఉన్నంతవరకు బ్యాంకు హామీ కొనేవాడి దయ మీద ఆధారపడ్డట్టే. తనిఖీ కావాలంటే స్వతంత్ర సర్వే సంస్థ పత్రం చాలనండి. ఒప్పుకోకపోతే సరుకు కొనకముందే ఆగిపోండి.

తర్వాత తేదీలు. చివరి లోడింగ్ తేదీకి, ఎల్‌సీ ముగింపుకు మధ్య కనీసం 21 రోజులు ఉంచండి. 48వ గడి ఖాళీగా ఉంటే నియమం ఇచ్చే గడువు కూడా ఓడ ఎక్కిన రోజు నుంచి 21 రోజులే. ముగింపు చోటు ఇండియాగా పెట్టించి, కాగితాలను మన వైపు బ్యాంకులోనే సమర్పించే వీలు ఉండేలా చేయగలిగితే కొరియర్ టెన్షన్ పోతుంది. గడువు చివరి రోజు బ్యాంకు సెలవైతే మర్నాటి పనిదినానికి జరుగుతుంది, కానీ కాగితాలు ఏ బ్యాంకులో సమర్పించాలో ఆ బ్యాంకు సెలవే లెక్క. లోడింగ్ చివరి తేదీ మాత్రం సెలవైనా జరగదు.

సవరణలు వస్తే మొత్తంగా ఒప్పుకోవాలి, లేదా మొత్తంగా కాదనాలి. అందులో నచ్చిన ముక్క మాత్రమే తీసుకోవడం కుదరదు. మనం ఒప్పుకున్నామని చెప్పేవరకు, లేదా సవరణకు తగ్గ కాగితాలు సమర్పించేవరకు, పాత షరతులే నడుస్తాయి.

బిల్ ఆఫ్ లేడింగ్‌లో తప్పు పడకుండా ఎలా చూసుకోవాలి?

ఓడ కంపెనీ అసలు బిల్లు ఇవ్వకముందు డ్రాఫ్ట్ పంపుతుంది. అది కస్టమ్స్ పని చూసే సీహెచ్‌ఏకి, ఫార్వర్డర్‌కి వెళ్లి, "ఓకే" అయిపోయి, మనకు తెలిసేసరికి అచ్చు పడిపోతుంది. డ్రాఫ్ట్ మనకే రావాలని ముందే చెప్పి, ఎల్‌సీ పక్కన పెట్టుకుని చూడాలి: రెండు పోర్టుల పేర్లు, కన్సైనీ, నోటిఫై పార్టీ, సరుకు ఓడ ఎక్కిన తేదీ, బరువు, బస్తాల సంఖ్య. బరువు ప్యాకింగ్ లిస్టుతో కలవాలి. గోనెసంచి బరువు ఒకచోట కలిపి ఇంకోచోట వదిలేయడం వల్ల స్థూల బరువులో తేడా రావడం మిర్చికి మామూలే. బస్తాలు తడిసినట్టో చినిగినట్టో ఓడవాళ్లు బిల్లు మీద రాస్తే అది క్లీన్ బిల్లు కాదు, బ్యాంకు తీసుకోదు. అందుకని అనుమానం ఉన్న బస్తాలను కంటైనర్ ఎక్కించకముందే తీసేసి, ఆ బరువుకు తగ్గట్టు ఇన్‌వాయిస్ మార్చుకోండి.